క్వార్టర్ సేల్స్ రిపోర్టును రీజనల్ మేనేజర్‌కు ఒక పేజీలో ఎలా చెప్పాలి?

"రిపోర్టులో పది పన్నెండు టేబుల్స్ ఉన్నాయి. మేనేజర్ ఒక్క పేజీ అడుగుతున్నారు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?" అని చాలామంది అడుగుతున్నారు. దీన్ని ఒక ఉదాహరణతో, మొదటి అడుగు నుంచి చివరి అడుగు దాకా చేసి చూపిస్తాను.

ఒక్క మాట ముందే చెప్పాలి. మేనేజర్ చదివేటప్పుడు ముఖ్యమైన అంకెలు ముందుంటాయి, తర్వాత ట్రెండ్స్, ఆ తర్వాత తేడాగా కనిపించినవి. మీరు పని చేసేటప్పుడు మాత్రం దీనికి పూర్తిగా తిరగేసి రావాలి. తేడా అంకెల సంగతి తేలకుండా పైన రాసే మొదటి వాక్యాన్ని నమ్మలేం. ఎందుకో కింద తెలుస్తుంది.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

ఈ క్వార్టర్ రిపోర్టు ఒక్కటే చాలదు. కనీసం ఇవి ఉండాలి:

- ఈ క్వార్టర్‌తో కలిపి ఐదు క్వార్టర్ల అంకెలు. ఐదుంటేనే గతేడాది ఇదే క్వార్టర్ కూడా చేతిలో ఉంటుంది.
- ఈ క్వార్టర్ మూడు నెలలకు నెలవారీ అంకెలు
- ప్రాంతాలవారీ టార్గెట్
- యూనిట్ల సంఖ్య, డిస్కౌంట్, రిటర్నులు
- ఇన్‌వాయిస్‌ల లిస్టు, లేదా దాన్ని ఇవ్వగల మనిషి ఫోన్ నంబర్

ఆ తర్వాత ఒక ప్రశ్న తేల్చుకోండి: ఈ రిపోర్టులో "అమ్మకం" అంటే ఏమిటి? ఆర్డర్ వచ్చినప్పుడే లెక్కేశారా, ఇన్‌వాయిస్ అయ్యాకా, సరుకు చేరాకా? డిస్కౌంట్, రిటర్నులు, పన్ను తీసేసిన అంకేనా? ఒక టేబుల్ ఒక లెక్కలో, ఇంకో టేబుల్ ఇంకో లెక్కలో ఉండటం మామూలే. ఒకే లెక్కకు తెచ్చుకోకుండా రెండింటినీ పోలిస్తే లేని తేడాలన్నీ కనిపిస్తాయి.

మన ఉదాహరణలో అన్నీ డిస్కౌంట్, రిటర్నులు పోను ఇన్‌వాయిస్ అయిన అంకెలు, లక్షల్లో:

| ప్రాంతం | టార్గెట్ | ఈ క్వార్టర్ | గత క్వార్టర్ | గతేడాది ఇదే క్వార్టర్ |
|---|---|---|---|---|
| ఉత్తరం | 300 | 312 | 290 | 270 |
| దక్షిణం | 260 | 221 | 252 | 245 |
| తూర్పు | 180 | 214 | 170 | 165 |
| పడమర | 240 | 238 | 228 | 220 |
| మొత్తం | 980 | 985 | 940 | 900 |

నెలవారీగా ఇలా ఉంది:

| ప్రాంతం | మొదటి నెల | రెండో నెల | మూడో నెల |
|---|---|---|---|
| ఉత్తరం | 101 | 104 | 107 |
| దక్షిణం | 82 | 75 | 64 |
| తూర్పు | 58 | 60 | 96 |
| పడమర | 78 | 80 | 80 |
| మొత్తం | 319 | 319 | 347 |

## 2. టేబుల్స్ ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా?

విశ్లేషణ కంటే ముందు కూడిక సరిచూడాలి. ప్రాంతాలన్నీ కలిపితే మొత్తం వస్తోందా, మూడు నెలలు కలిపితే క్వార్టర్ వస్తోందా చూడండి. మొదటి టేబుల్ షీట్‌లో A నుంచి E కాలమ్స్‌లో, ప్రాంతాలు 2 నుంచి 5 వరుసల్లో, మొత్తం 6వ వరుసలో ఉందనుకుందాం:

```
=SUM(C2:C5)-C6
```

సున్నా రావాలి. నెలవారీ టేబుల్‌కూ ఇలాగే చేయండి. మన దగ్గర 319, 319, 347 కలిపితే 985. సరిపోయింది.

ఇక్కడే ఇంకొకటి చూడండి. ఈ రిపోర్టులో "గత క్వార్టర్ 940" అని ఉంది కదా, మూడు నెలల క్రితం మీరు పంపిన పేజీలోనూ 940 అనే ఉందా? ఆలస్యంగా వచ్చిన రిటర్నుల వల్లో, కస్టమర్లను ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి మార్చడం వల్లో పాత అంకె మారి ఉండవచ్చు. మారితే కొత్త అంకే వాడండి, కానీ మారిందని ఒక లైన్‌లో చెప్పండి. మేనేజర్‌కు పాత అంకె గుర్తుంటే, ఆ లైన్ లేని పేజీ మీద నమ్మకం పోతుంది.

## 3. తేడాగా ఉన్న అంకెలను పట్టుకోవడం

కంటికి వింతగా కనిపించిందల్లా పట్టుకుంటూ పోతే సాయంత్రం దాకా అదే పని. ముందే ఒక హద్దు పెట్టుకోండి. అందులో రెండు షరతులూ ఉండాలి: శాతంలో తేడా పెద్దదిగా ఉండాలి, అసలు విలువలోనూ పెద్దదిగా ఉండాలి. శాతం ఒక్కటే చూస్తే 2 నుంచి 4కు పెరిగిన చిన్న ప్రోడక్ట్ "100 శాతం వృద్ధి" అంటూ ముందుకొస్తుంది. విలువ ఒక్కటే చూస్తే పెద్ద ప్రాంతాలు తప్ప ఇంకేమీ కనిపించవు.

ఇక్కడ 10 శాతం, దాంతోపాటు 10 లక్షలు అనుకుందాం. 10 లక్షలంటే మొత్తం అమ్మకాల్లో సుమారు 1 శాతం. టార్గెట్‌తో పోల్చే ఫార్ములా ఇది:

```
=IF(AND(ABS(C2/B2-1)>=0.1,ABS(C2-B2)>=10),"చూడాలి","")
```

దీనికి దక్షిణం (టార్గెట్‌లో 85 శాతం, 39 లోటు), తూర్పు (119 శాతం, 34 ఎక్కువ) దొరుకుతాయి.

ఇదే హద్దుతో గతేడాదితో పోల్చి చూడండి. తూర్పు మళ్లీ దొరుకుతుంది. ఈసారి ఉత్తరం కూడా వస్తుంది, ఎందుకంటే అది 15.6 శాతం పెరిగింది. దక్షిణం మాత్రం 9.8 శాతం తగ్గుదలతో అంచున జారిపోతుంది. అందరికన్నా ముందు చూడాల్సిన ప్రాంతం అదే! అందుకే దేనితోనో ఒకదానితో పోల్చి ఊరుకోవద్దు. టార్గెట్‌తో, గతేడాదితో, ఆ తర్వాత నెలవారీ టేబుల్‌లో అడ్డంగా చూడాలి. నెలవారీగా చూస్తే దక్షిణం 82, 75, 64 అని వరసగా దిగుతోంది. దానికి ఫార్ములా కూడా అక్కర్లేదు.

ఉత్తరం సంగతి వేరు. 101, 104, 107 అని నెమ్మదిగా, సమంగా పెరిగింది. హద్దు దాటింది కాబట్టి తేడా అంకె అనుకోవద్దు. అది ట్రెండ్, దాన్ని 6వ అడుగుకు పంపండి.

## 4. తూర్పు 96: పట్టుకున్న అంకెను విప్పడం

తూర్పులో రెండు నెలలు 58, 60 ఉండి, మూడో నెలలో ఒక్కసారిగా 96 వచ్చింది. ఇలాంటి అంకెను ఈ వరుసలో ప్రశ్నించండి:

1. అంకె తప్పు పడిందా? రెండుసార్లు ఎక్కిందా?
2. తేదీల గందరగోళమా? పక్క క్వార్టర్‌ది ఇందులో పడిందా?
3. ఒక్క కస్టమర్ వల్ల వచ్చిందా, చాలామంది వల్లా?
4. మళ్లీ వస్తుందా?

వరుస మార్చవద్దు. కారణం వెతకడం సరదాగా ఉంటుంది కాబట్టి చాలామంది మూడో ప్రశ్న నుంచి మొదలుపెడతారు. తీరా చూస్తే అంకే తప్పని తేలుతుంది.

తూర్పు మూడో నెల ఇన్‌వాయిస్‌లను విలువ ప్రకారం పెద్దది పైకి వచ్చేలా సార్ట్ చేస్తే మొదటి లైన్‌లోనే జవాబు దొరికింది: ఒకే ఇన్‌వాయిస్ 34 లక్షలు. రెండుసార్లు ఎక్కలేదు. సరుకు క్వార్టర్‌లోపే చేరింది. ఆ కస్టమర్ అంతకుముందు ఎప్పుడూ కొనలేదు, తర్వాతి ఆర్డర్ గురించి ఏ కాగితమూ లేదు.

క్వార్టర్ చివరి వారంలో పడిన పెద్ద ఇన్‌వాయిస్ అయితే ఇంకో అడుగు వేయాలి. తర్వాతి నెల మొదటి వారాల రిటర్నులు చూడండి. టార్గెట్ కోసం సరుకు ముందు తోసేసి తర్వాత వెనక్కి తీసుకున్న సందర్భాలు అక్కడే బయటపడతాయి.

ఇప్పుడు ఆ 34 లేకుండా లెక్క వేయండి. తూర్పు 214 కాస్తా 180, అంటే సరిగ్గా టార్గెట్. మొత్తం 985 కాస్తా 951, అంటే టార్గెట్‌లో 97 శాతం. "టార్గెట్ దాటాం" అన్న వాక్యం అబద్ధం కాదు, కానీ అది ఒక్క ఆర్డర్ మీద నిలబడి ఉంది. ఈ సంగతి తెలియకుండా ముందే మొదటి వాక్యం రాసి ఉంటే మేనేజర్ వచ్చే క్వార్టర్‌కు తప్పు అంచనా వేసుకునేవారు.

అంకెను తీసేయవద్దు, ఆ అమ్మకం నిజంగా జరిగింది. రెండు అంకెలూ పక్కపక్కన చూపించండి. ఇంకో జాగ్రత్త: ఒక్కసారికి వచ్చిన లాభాన్ని పక్కన పెట్టి చూపిస్తే, ఒక్కసారికి వచ్చిన నష్టానికీ అదే పద్ధతి పాటించాలి. గతేడాది క్వార్టర్‌లోనూ ఇలాంటి ఆర్డర్ ఏదైనా ఉందేమో చూడాలి. అనుకూలమైన వైపే సర్దితే అది సారాంశం అనిపించుకోదు.

## 5. దక్షిణం: కొనేవాళ్లు తగ్గారా, ధర తగ్గిందా?

అమ్మకం విలువ తగ్గితే కారణం రెండు చోట్ల ఉండవచ్చు: తక్కువ యూనిట్లు పోయి ఉండవచ్చు, లేదా యూనిట్‌కు తక్కువ డబ్బు వచ్చి ఉండవచ్చు. మేనేజర్ తీసుకోవాల్సిన నిర్ణయం ఈ రెండింటికీ వేరు కాబట్టి ఈ లెక్క వదలకూడదు.

| దక్షిణం | గతేడాది | ఇప్పుడు |
|---|---|---|
| విలువ, లక్షల్లో | 245 | 221 |
| యూనిట్లు | 4,900 | 4,810 |
| యూనిట్‌కు వచ్చింది, రూపాయల్లో | 5,000 | 4,595 |

విలువ 24 లక్షలు తగ్గింది. అందులో యూనిట్ల వాటా ఎంత? తగ్గిన 90 యూనిట్లను పాత ధర 5,000తో గుణిస్తే 4.5 లక్షలు. మిగిలిన 19.5 లక్షలు యూనిట్‌కు తక్కువ రావడం వల్ల పోయింది. అంటే కొనేవాళ్లు దాదాపు అలాగే ఉన్నారు, మనకు చేరే డబ్బు తగ్గింది.

ఇక్కడ తొందరపడి "డిస్కౌంట్" అని రాసేయకండి. ఖరీదైన ప్రోడక్ట్‌లు తగ్గి చవకవి పెరిగినా సగటు ఇలాగే పడిపోతుంది, ఏ రూపంలోనూ డిస్కౌంట్ ఇవ్వకపోయినా సరే. ప్రోడక్ట్‌లవారీ టేబుల్ తెరిచి వాటాలు మారాయా చూడాలి. మన ఉదాహరణలో మారలేదు. డిస్కౌంట్ కాలమ్ చూస్తే గతేడాది సగటు 4 శాతం, ఇప్పుడు దాదాపు 12. నెలవారీగా 3, 10, 22 శాతం. కారణం అక్కడ ఉంది.

డిస్కౌంట్ ఎందుకు పెంచారన్నది మాత్రం ఏ టేబుల్‌లోనూ ఉండదు. పోటీ వల్లో, స్టాక్ పేరుకుపోవడం వల్లో అని ఊహించి రాయవద్దు. ఏరియా మేనేజర్‌కు ఫోన్ చేయండి. జవాబు రాకపోతే "కారణం ఇంకా తెలియాల్సి ఉంది" అని రాయండి.

## 6. ట్రెండ్ అనదగింది ఏది?

ఐదు క్వార్టర్లను వరసగా పెట్టి చూడండి:

| ప్రాంతం | గతేడాది ఇదే క్వార్టర్ | తర్వాతిది | ఆ తర్వాతిది | గత క్వార్టర్ | ఇప్పుడు |
|---|---|---|---|---|---|
| ఉత్తరం | 270 | 274 | 281 | 290 | 312 |
| దక్షిణం | 245 | 248 | 250 | 252 | 221 |
| పడమర | 220 | 222 | 225 | 228 | 238 |

(తూర్పును 34 తీసేసి చూస్తే 165, 166, 168, 170, 180.)

ఉత్తరం, పడమర స్పష్టమైన ట్రెండ్స్. పడమర టార్గెట్‌కు 2 తక్కువ కాబట్టి చాలా రిపోర్టుల్లో ఎర్ర రంగులో కనిపిస్తుంది. కానీ అది గతేడాది కన్నా 8.2 శాతం పెరిగిన ప్రాంతం. ఆ ఎర్ర రంగును మీ పేజీలోకి తీసుకురావద్దు.

దక్షిణాన్ని "తగ్గుతున్న ప్రాంతం" అనకూడదు. వరసగా మూడు క్వార్టర్లు పెరిగి, ఒక్కదాంట్లో తగ్గింది. "ఈ మూడు నెలల్లో నెలనెలా తగ్గింది" అనేదే సరైన మాట. అయితే ఒక లెక్క ఉపయోగపడుతుంది: మూడో నెల స్థాయి 64 అలాగే సాగితే వచ్చే క్వార్టర్ 192 వస్తుంది. ఇది జోస్యం కాదు, షరతుతో కూడిన లెక్క. ఆ "సాగితే" అనే మాటను పేజీలోనూ ఉంచండి.

గత క్వార్టర్‌తో పోల్చాలా, గతేడాదితోనా? సీజన్ ప్రభావం ఉన్న వ్యాపారమైతే గతేడాదితోనే. గత క్వార్టర్‌తో పోల్చితే పెరిగింది వ్యాపారమో సీజనో తెలియదు.

## 7. ఇప్పుడు ముఖ్యమైన అంకెలు

మూడు నాలుగు చాలు: మొత్తం, టార్గెట్‌తో పోలిక, గతేడాదితో పోలిక, పెద్ద తేడా పక్కన పెడితే ఎంత అన్నది.

- మొత్తం 985, టార్గెట్‌లో 100.5 శాతం
- గతేడాది కంటే 9.4 శాతం ఎక్కువ
- 34 లక్షల ఒక్క ఆర్డర్ లేకపోతే 951, టార్గెట్‌లో 97 శాతం, గతేడాది కంటే 5.7 శాతం ఎక్కువ

శాతం ఎప్పుడూ మొత్తాల నుంచే తీయాలి. నాలుగు ప్రాంతాల టార్గెట్ శాతాలు 104, 85, 118.9, 99.2. వీటికి సగటు తీస్తే 101.8 వస్తుంది. అది తప్పు, ఎందుకంటే చిన్న ప్రాంతమైన తూర్పుకు ఉత్తరంతో సమానమైన బరువు ఇచ్చినట్టవుతుంది.

## 8. పేజీ రాయడం

మన ఉదాహరణకు తుది రూపం ఇలా ఉంటుంది:

> ముఖ్యాంశం: ఈ క్వార్టర్ అమ్మకాలు 985 లక్షలు, టార్గెట్ 980. గతేడాది ఇదే క్వార్టర్ కంటే 9.4 శాతం ఎక్కువ. ఇందులో 34 లక్షలు తూర్పులో కొత్త కస్టమర్ ఇచ్చిన ఒకే ఆర్డర్. అది లేకపోతే 951, టార్గెట్‌లో 97 శాతం.
>
> ట్రెండ్స్: ఉత్తరం నాలుగు క్వార్టర్లుగా పెరుగుతోంది, ఇప్పుడు 312 (గతేడాది కంటే 15.6 శాతం ఎక్కువ). పడమర 238, టార్గెట్‌కు 2 తక్కువైనా గతేడాది కంటే 8.2 శాతం ఎక్కువ.
>
> గమనించాల్సింది: దక్షిణం 221, టార్గెట్‌కు 39 తక్కువ. నెలవారీగా 82, 75, 64. గతేడాదితో పోలిస్తే తగ్గిన 24లో 19.5 ధర వల్ల, 4.5 యూనిట్ల వల్ల. డిస్కౌంట్ మూడు నెలల్లో 3 నుంచి 22 శాతానికి పెరిగింది. కారణం ఏరియా మేనేజర్‌ను అడిగాం, జవాబు రావాలి. మూడో నెల స్థాయే సాగితే వచ్చే క్వార్టర్ 192.
>
> మీ నిర్ణయం కావాల్సింది: దక్షిణంలో ఈ డిస్కౌంట్ కొనసాగించాలా? తూర్పు ఆర్డర్‌ను వచ్చే ఏడాది టార్గెట్ లెక్కలో కలపాలా?

దీని కింద ప్రాంతాలవారీ టేబుల్ ఒక్కటి పెట్టండి. మిగతావి అటాచ్‌మెంట్‌లో ఉంటే చాలు. చివరి భాగాన్ని చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో మేనేజర్ ఆ పేజీ తెరిచేదే దాని కోసం.

## 9. తరచూ జరిగే తప్పులు, సవరణలు

శాతం, శాతం పాయింట్లు కలిపేయడం. డిస్కౌంట్ 4 నుంచి 12 శాతానికి పెరిగితే అది 8 శాతం పెరుగుదల కాదు, 8 పాయింట్లు. తికమక లేకుండా "4 నుంచి 12కు" అని రాసేయండి.

శాతాన్ని ఒంటరిగా వదలడం. ప్రతి శాతం పక్కన దేనితో పోలికో, అసలు అంకె ఎంతో ఉండాలి. "15.6 శాతం పెరిగింది" అంటే వెంటనే "దేనికంటే?" అన్న ప్రశ్న వస్తుంది.

ప్రతి ప్రాంతానికీ సమానంగా రెండు లైన్లు ఇవ్వడం. పడమరకు ఒక వాక్యం చాలు, దక్షిణానికి ఐదు కావాలి. ఎవరూ నొచ్చుకోకూడదని పంచిపెడితే ముఖ్యమైనది మునిగిపోతుంది.

అతి ఖచ్చితత్వం. 9.44 శాతం అవసరం లేదు, 9.4 చాలు. పేజీ అంతా ఒకే పద్ధతి పాటించండి.

## 10. పంపే ముందు

- [ ] కూడికలు సరిపోయాయి, రెండు టేబుల్స్‌లోనూ మొత్తం ఒకటే
- [ ] ప్రతి అంకెకూ రిపోర్టులో ఏ టేబుల్ నుంచి వచ్చిందో చూపించగలను
- [ ] టార్గెట్, గతేడాది, నెలవారీ: మూడు రకాలుగానూ తేడాలు చూశాను
- [ ] పెద్ద తేడా ఉన్నప్పుడు, అది లేకుండా మొత్తం ఎంతో మొదటి పేరాలోనే ఉంది
- [ ] ఊహను వాస్తవంలా ఎక్కడా రాయలేదు
- [ ] అంకెలు లక్షల్లోనని, రిటర్నులు పోను మిగిలినవని ఒకచోట రాశాను
- [ ] ఏరియా మేనేజర్లకు వాళ్ల అంకెలు ముందే చూపించాను

ఆ చివరిది పంపడానికి ఒక రోజు ముందు చేయండి. దక్షిణం ఏరియా మేనేజర్ తన అంకెను మొదటిసారి పై అధికారి నోట వినకూడదు. పైగా డిస్కౌంట్ ఎందుకు పెరిగిందో అప్పుడే చెప్పేసే అవకాశం ఎక్కువ.

పంపాక ఏదైనా అంకె మారితే పాత పేజీని చప్పుడు లేకుండా మార్చేయకండి. తేదీ వేసి కొత్త పేజీ పంపండి. దాని పైన "తూర్పు 214 కాదు 209, 5 లక్షల రిటర్న్ ఆలస్యంగా నమోదైంది, మొత్తం 980" అన్నట్టు ఏం మారిందో ఒక్క లైన్ రాయండి.